పాముకాటు ప్రథమచికిత్స పోస్టరు: ముసాయిదా పెట్టాను, తప్పులుంటే చెప్పండి

దివిసీమ_ఏఎన్ఎం · ఉదయం 6:48

అందరికీ నమస్కారం. వరినాట్లు మొదలయ్యేలోగా మా సబ్‌సెంటరు కింద ఉన్న ఐదు ఊళ్లలో పాముకాటు పోస్టరు అంటించాలనుకుంటున్నాం. చూసేది ప్రధానంగా ఆశాలు, అంగన్‌వాడీ టీచర్లు. కానీ గోడ మీద ఉంటుంది కాబట్టి ఊరంతా చదువుతారు. నేను రాసుకున్నది ఇది:

1. ధైర్యం చెప్పండి. అన్ని పాములకూ విషం ఉండదు.
2. కాటు చోటును సబ్బుతో బాగా కడగండి.
3. కాటుకు పైన వదులుగా గుడ్డ కట్టండి.
4. నిద్రపోనివ్వకండి.
5. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా కదలకుండా ఉంచండి.
6. నాటువైద్యం వద్దు.

పైన సగం పేజీ నాలుగు విషసర్పాల ఫోటోలు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. కింద కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయడం లాంటి బొమ్మల మీద ఎర్ర గుర్తు. ఏ త్రీ సైజు. ఏమైనా మార్చాలా?

---

డ్యూటీ_డాక్టర్ · ఉదయం 7:30

ఏఎన్ఎం గారూ, మంచి పని మొదలుపెట్టారు. కానీ ఆరింటిలో నాలుగు మార్చాలి. ముందు మూడోది పూర్తిగా తీసేయండి.

"వదులుగా కట్టండి" అని పోస్టరు మీద రాస్తాం. అర్ధరాత్రి, ఇంటిల్లిపాదీ ఏడుస్తుండగా, తండ్రి చేతిలో ఉన్న తువ్వాలు వదులుగా పడదు, బిగుసుకుంటుంది. ఒకవేళ వదులుగానే కట్టారనుకోండి, పింజర కాటైతే గంటలో కాలు వాచిపోతుంది, కట్టు దానంతటదే బిగుస్తుంది. బిగిస్తే నష్టం రెండు రకాలు. రక్తం అందక కట్టు కింది భాగం దెబ్బతింటుంది. పింజర విషం కండను తినేసే రకం కాబట్టి, అది ఒకేచోట నిలిస్తే ఆ దెబ్బ ఇంకా పెరుగుతుంది.

అసలు ఆపాల్సింది రక్తాన్ని కాదు, కండరం కదలికను. విషంలో ఎక్కువ భాగం చర్మం కింద ఉండే సన్నని నాళాల గుండా పాకుతుంది. కండరం కదిలినప్పుడల్లా ఆ నాళాలు పిండినట్లయి విషం ముందుకు జరుగుతుంది. అందుకే విరిగిన ఎముకకు కట్టినట్టు బద్ద కట్టాలి. పాదం మీద కరిస్తే మడమ నుంచి మోకాలి దాకా వెదురు బద్ద గానీ, గట్టిగా చుట్టిన నాలుగైదు దినపత్రికలు గానీ పెట్టి, రెండు మూడు చోట్ల కండువాతో కట్టండి. ముడి కాటు మీద పడకూడదు. కట్టు కింద ఒక వేలు దూరాలి. తర్వాత కాలి బొటనవేలి గోరు నొక్కి వదలండి. తెల్లబడిన గోరు రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాలి. లేదంటే కట్టు బిగిసినట్టే. వాపు పెరుగుతుంటుంది కాబట్టి పది పదిహేను నిమిషాలకోసారి వేలు దూర్చి చూడాల్సిందే.

చేతికైతే ముంజేతికి బద్ద, మెడలోంచి జోలె.

రెండోది, కడగడం. రుద్దితే అక్కడ రక్తప్రసరణ పెరుగుతుంది, కండరం కదులుతుంది, పది నిమిషాలు పోతాయి. ముట్టుకోవద్దని రాయండి. నాలుగు, ఐదు గురించి సాయంత్రం ఓపీ అయ్యాక రాస్తాను.

---

పల్నాడు_రైతు · ఉదయం 8:05

మంచి విషయం మొదలుపెట్టారు మేడమ్. మా మిరప కళ్లం దగ్గర పాములు బాగా తిరుగుతున్నాయి. చుట్టూ గంధకం, వెల్లుల్లి కషాయం చల్లితే రావంటారు. ఎకరానికి ఎంత చల్లాలో కూడా పోస్టరులో వేయండి.

---

ఖమ్మం_ఆశా · ఉదయం 8:40

అన్నా, ఇది కరిచినంక ఏం జెయ్యాల్నో చెప్పే పోస్టరు. గంధకం జల్లితే పాములు రావనే మాట మా ట్రైనింగుల ఏడ చెప్పలే. రాత్రిపూట టార్చిలైటు, కాళ్లకు బూట్లు, కళ్లంకాడ పండుకుంటే మంచం మీద దోమతెర. తెర అంచులు పరుపు కింద దోపాలె. గంతే.

ఏఎన్ఎం మేడమ్, మీ పోస్టరుల ఒకటి మర్చిపోయిన్రు. మెట్టెలు. కాలు వాచినంక మెట్టె రాదు, వేలు నల్లగైతది. కానీ మా దిక్కు పెండ్లైన ఆడామె మెట్టె తీయమంటే అత్తగారు ఒప్పుకోదు, అశుభం అంటది. "నగలు తీసేయండి" అని రాస్తే గాజులు, గొలుసు తీస్తరు గానీ మెట్టెలు ఉంచుతరు. అందుకే పేరు పెట్టి రాయండి: మెట్టెలు, పట్టీలు, ఉంగరం, గాజులు, చేతి దారం. మంగళసూత్రం తీయక్కర్లేదని గూడ రాయండి, అప్పుడు పేచీ ఉండదు. తీసిన మెట్టె ఆమె కొంగుల్నే ముడేస్తే మా ఊర్ల ఒప్పుకుంటున్నరు.

ఇంకోటి, వేపాకు పరీక్ష. వేపాకో పచ్చిమిరపకాయో నమలమంటరు. చేదు, కారం తెలుస్తే విషం ఎక్కలేదని ఇంటికాడనే కూసుంటరు. దీన్ని గూడ బొమ్మేయాలె. "నాటువైద్యం వద్దు" అంటే వాళ్లు దీన్ని వైద్యం అనుకోరు, పరీక్ష అనుకుంటరు.

---

డ్యూటీ_డాక్టర్ · ఉదయం 8:52

ఆశా గారి మెట్టెల మాట అచ్చంగా అలాగే పోస్టరులోకి ఎక్కించండి.

వేపాకు గురించి ఒక్కమాట. రుచి తెలియడానికీ విషానికీ సంబంధం లేదు. ప్రమాదం వేరేచోట ఉంది. నాగుపాము, కట్లపాము విషం గొంతు కండరాలను పట్టేస్తుంది. మింగలేని మనిషి నోట్లో ఆకు కుక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలు, నెయ్యి, పసరు, సారా అన్నింటిదీ అదే దారి. అందుకని అన్నీ కలిపి ఒకే లైను చాలు: నోట్లో ఏమీ పెట్టకండి.

---

మెల్‌బోర్న్_రావు · ఉదయం 9:20

డాక్టరు గారూ, మీరు చెప్పిన బద్ద బాగుంది కానీ సగమే చెప్పారనిపిస్తోంది. ఇక్కడ ఆస్ట్రేలియాలో స్కూలు పిల్లలకు కూడా నేర్పేది ఒత్తుడు కట్టు. వెడల్పాటి సాగే బ్యాండేజీని ముందు కాటు మీద, తర్వాత కాలివేళ్ల నుంచి తొడ దాకా బెణుకుకు కట్టినంత గట్టిగా చుట్టి, దాని మీద బద్ద కడతారు. ఆసుపత్రికి చేరేదాకా విప్పరు. కట్టు అసలు వద్దంటే ఎలా?

---

డ్యూటీ_డాక్టర్ · మధ్యాహ్నం 1:45

రావు గారూ, మీరు చెప్పిన పద్ధతి అక్కడికి సరైనదే. ఆస్ట్రేలియాలో ప్రాణం తీసే పాములు చాలావరకు నాగుపాము కుటుంబానివి, కాటు దగ్గర కండ పెద్దగా చెడదు. కాబట్టి గట్టిగా చుట్టినా నష్టం తక్కువ. మన పొలాల్లో రక్తపింజర, చిన్న పింజర కాట్లు బోలెడు. వాచి కుళ్లే కాలి మీద సాగే బ్యాండేజీ చుడితే ముందు చెప్పిన కట్టు సమస్యే మళ్లీ వస్తుంది. పైగా కట్టు పనిచేయాలంటే ఒత్తిడి ఒక మోతాదులోనే ఉండాలి. శిక్షణ పొందినవాళ్లు కూడా ఆ మోతాదు తప్పుతున్నారని పరీక్షల్లో తేలింది.

నిపుణుల్లోనూ దీని మీద ఏకాభిప్రాయం లేదు. కట్లపాము కాటని ఖాయమైతే ఒత్తుడు కట్టు మేలు చేస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసియా మార్గదర్శకాలు అంటాయి. బర్మాలో రక్తపింజర కాటుకే కాలంతా చుట్టకుండా కాటు మీద మాత్రం గుడ్డ మెత్త పెట్టి అదిమే పద్ధతిని పరీక్షించారు. కానీ గోడ మీద పోస్టరు "ఫలానా పామైతే ఇలా, కాకపోతే అలా" అని చెప్పలేదు. మన దేశ మార్గదర్శకాల ప్రకారం బద్ద ఒక్కటే పెడదాం.

---

బొమ్మల_శీను · మధ్యాహ్నం 2:30

నేను ఫ్లెక్సీలు, ఆరోగ్య శాఖ గోడపత్రికలు డిజైన్ చేస్తుంటాను. వైద్యం జోలికి రాను, బొమ్మ గురించి చెబుతాను.

ఎర్ర అడ్డగీత పెట్టిన బొమ్మలు పెద్దవిగా వేయకండి మేడమ్. చదువురాని వాళ్లు గీతను "వద్దు" అని చదవరు. బ్లేడుతో కోస్తున్న బొమ్మ చూస్తారు, గీత మర్చిపోతారు, బొమ్మ గుర్తుంటుంది. నాలుగు రోజులయ్యాక "పోస్టరులో కోయమని ఉంది కదా" అంటారు. చేయాల్సిన పని పెద్దది, రంగుల్లో. చేయకూడనివి కింద చిన్నవి, బూడిద రంగులో. అందులోనూ చేసే పని కన్నా ఫలితం వేయండి. తాడు కట్టడం వేయకుండా, తాడు కట్టిన నల్లబడ్డ కాలు వేయండి.

సగం పేజీ పాములకు ఇచ్చారు. ఆ సగంలో బద్ద కట్టే బొమ్మ మూడు మెట్లుగా వస్తుంది. పాము ఫోటోలు ఉంటే జనం పోస్టరు ముందు నిలబడి ఏ పామో తేల్చుకునే పనిలో పడతారు.

ఏ త్రీ గోడ మీద చిన్నది. కనీసం ఏ టూ చేయండి. ప్రింటుకు పంపేముందు ఒక కాపీ తీసి గోడకు అంటించి, ఆరడుగుల దూరంలో కళ్లద్దాలు పెట్టుకునే మనిషిని అద్దాలు లేకుండా నిలబెట్టి చదివించండి. ఒత్తులు, గుడులు కలిసిపోయినట్టు కనిపిస్తే అక్షరం పెంచాలి, లైను తగ్గించాలి. మెరిసే లామినేషన్ వద్దు, రాత్రి టార్చి వేస్తే వెలుగు తప్ప ఏమీ కనిపించదు. మ్యాట్ అడగండి.

---

డ్యూటీ_డాక్టర్ · మధ్యాహ్నం 2:41

పాము ఫోటోలు తీసేయడానికి వైద్యపరంగా కూడా కారణం ఉంది శీను గారూ. మన దగ్గర దొరికే మందు ఆ నాలుగు పాములకూ కలిపి ఒకటే. ఏ పామో తెలిస్తే మంచిదే, తెలియకపోయినా లక్షణాలు చూసి వైద్యం చేస్తాం. పాము కోసం వెతికితే రెండో మనిషికి కాటు. చచ్చిన పామును సంచిలో తేవద్దు, తెగిన తల కూడా కాసేపటిదాకా కరుస్తుంది. పాము కళ్లెదుటే ఉంటే దూరం నుంచి ఫోన్లో ఫోటో, అంతే. కట్లపాముకూ, విషంలేని తోడేలు పాముకూ తేడా తెలియక "ఇది మంచిపామే" అని ఇంట్లో ఉంచేసుకోవడం అన్నిటికన్నా పెద్ద ముప్పు.

---

గ్రామ_వైద్యుడు · సాయంత్రం 4:10

మమ్మల్ని నాటువైద్యుల్లో కలిపేసినట్టున్నారు. నేను ఊళ్లో ప్రాక్టీసు చేస్తాను. పాముకాటు వస్తే పంపేస్తాను, ఆపను. కానీ పంపేముందు టీటీ, నొప్పికి డైక్లో, అలర్జీ రాకుండా డెక్సా వేస్తే తప్పేంటి? దారిలో మనిషికి ఊరట ఉంటుంది. కట్టు వద్దన్నమాట మాత్రం ఒప్పుకుంటాను.

---

స్టాఫ్‌నర్స్_ఏరియా · సాయంత్రం 4:38

పంపేస్తున్నారు, చాలా సంతోషం సార్. కానీ ఆ మూడు ఇంజెక్షన్లూ వద్దు. పింజర కాటులో రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. అప్పుడు పిరుదు మీదో భుజం మీదో కండలోకి సూది దింపితే లోపల రక్తం కారుతూనే ఉంటుంది, కోడిగుడ్డంత గడ్డ కడుతుంది. డైక్లో రక్తస్రావాన్ని ఇంకా పెంచుతుంది, రక్తపింజర ఎటూ కిడ్నీల మీద పడుతుంది కాబట్టి కిడ్నీకి అదో దెబ్బ. టీటీ అవసరమే, కానీ రక్తం గడ్డకడుతోందని తేలాక. డెక్సా విషాన్ని ఆపదు.

గడ్డకడుతోందో లేదో మేం చూసే పద్ధతి చెబుతాను, తేలికే. రెండు ఎంఎల్ రక్తం తీసి, శుభ్రమైన పొడి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, ఒక్కసారి వంచి చూస్తాం. ఇంకా నీళ్లలా పారితే విషం ఎక్కినట్టు. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బునీళ్లతో కడిగిన గొట్టమైనా విషం లేకున్నా గడ్డకట్టదు, తప్పు ఫలితం వస్తుంది. ఇది పోస్టరులోకి కాదు, మీకోసం.

మీరు చేయగలిగింది ఒకటుంది. పెన్నుతో వాపు అంచు దగ్గర గీత గీసి టైము రాయండి. అరగంటకోసారి కొత్త గీత. మా దగ్గరికి వచ్చేసరికి కాలి మీద మూడు గీతలుంటే వాపు ఎంత వేగంగా పాకుతోందో ఒక్క చూపులో తెలుస్తుంది.

---

గ్రామ_వైద్యుడు · సాయంత్రం 5:02

గీతల సంగతి బాగుంది. డైక్లో ఆపేస్తాను. టీటీ మీద మాత్రం నాకింకా సందేహమే, పుండుకు టీటీ ఆలస్యం కాకూడదని మాకు నేర్పారు.

---

పల్నాడు_రైతు · సాయంత్రం 5:15

పోనీ ఆ పాము ఇంజెక్షన్ ఎన్ని సీసాలో పోస్టరులో రాస్తే పేషెంటు తాలూకు వాళ్లు అడగొచ్చు కదా?

---

స్టాఫ్‌నర్స్_ఏరియా · సాయంత్రం 5:20

రాయకూడదు అన్నా. విషం ఎక్కిన లక్షణాలు ఉంటేనే ఇస్తాం, కరిచిన ప్రతివాళ్లకూ కాదు. విషసర్పం కరిచినా చాలాసార్లు విషం దిగదు. ఇస్తే మొదట పది సీసాలు, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే పాము పిల్లవాడని తక్కువ విషం వదలదు. దానికి రియాక్షన్ వస్తే వాడే అడ్రినలిన్ పక్కనే సిద్ధంగా పెట్టుకుని ఎక్కిస్తాం. లక్షణాలు లేకపోయినా 24 గంటలు మా దగ్గరే ఉంచుతాం. పోస్టరులో ఆ 24 గంటల మాట రాయండి, చాలామంది గంటకే ఇంటికి బయల్దేరతారు.

---

డ్యూటీ_డాక్టర్ · రాత్రి 8:15

పొద్దున వదిలేసిన రెండు లైన్లు. "నిద్రపోనివ్వకండి" ఎందుకు తప్పో ఒక లెక్క వేసి చూపిస్తాను.

వానాకాలం. పదకొండేళ్ల పిల్లవాడు నేలమీద చాప వేసుకుని పడుకున్నాడు. రాత్రి పన్నెండున్నరకు కట్లపాము కరిచింది. నొప్పి ఉండదు, వాపు రాదు, గుర్తు దోమకాటులా ఉంటుంది, ఒక్కోసారి అసలు ఉండదు. పిల్లవాడు లేవలేదు. మూడున్నరకు కడుపునొప్పి, వాంతి. ఇంట్లో గ్యాసు అనుకుని సోడా ఇచ్చారు. నాలుగుంబావుకు గొంతు పట్టేసింది, ఉమ్మి మింగలేక కారుస్తున్నాడు. ఐదింటికి రెప్పలు వాలాయి. అది చూసి "నిద్రమత్తు" అంటారు, లేపుతూ చెంపలు తడతారు. అది నిద్ర కాదు. రెప్ప ఎత్తే కండరం పడిపోయింది. లోపల పిల్లవాడు మెలకువగానే ఉన్నాడు, అన్నీ వింటున్నాడు, మాట్లాడలేడు. ఆరు దాటేసరికి ఊపిరి కండరం వంతు.

మూడున్నరకే ఎవరికైనా అనుమానం వచ్చి ఉంటే చేతిలో రెండున్నర గంటలు ఉన్నట్టు. అందుకని పోస్టరులో "పాము కరిస్తే" అని మాత్రమే మొదలుపెడితే ఈ పిల్లవాడు జారిపోతాడు. పాము కనిపించలేదు, కాటు కనిపించలేదు. విడిగా ఒక పెట్టె కావాలి: నేలమీద పడుకున్నవారికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతునొప్పి, రెప్పలు వాలడం కనిపిస్తే పాముకాటే అనుకోండి. ఆశా చేయగల పరీక్ష రెండు నిమిషాల పని. తల కదపకుండా ఇంటి దూలం వైపు ఒక నిమిషం చూడమనాలి, రెప్పలు నిలవకపోతే అనుమానమే. ఒకే గుక్కలో ఎంతదాకా అంకెలు చెప్పగలడో వినాలి. మొదట 20 దాకా చెప్పి, పావుగంట తర్వాత 12 దగ్గరే ఆగిపోతే ఊపిరి తగ్గుతోందన్నమాట.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇలాంటి మనిషికి కళ్లు తెరిచి లైటు వేసినా కంటిపాప కదలకపోవచ్చు, పిలిస్తే పలకడు. చనిపోయాడని బండి వెనక్కి తిప్పేస్తారు. తిప్పకూడదు. సంచితో గాలి ఊదుతూ తెచ్చిన వాళ్లు రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉండి కోలుకుని ఇంటికి వెళ్తారు.

---

పైలట్_108 · రాత్రి 9:05

ఐదో లైను నాది. "108 వచ్చేదాకా కదలకుండా ఉంచండి" అని రాయకండి మేడమ్. మాకు ఫోన్ చేయడం తప్పనిసరి, కానీ ఎదురు రండి. మా బండి 20 కిలోమీటర్ల అవతల ఉంటే 35 నిమిషాలు. మీ ఊరి ఆటో అదే దారిలో ఎదురొస్తే సగం టైములో నేను మీ మనిషిని ఎక్కించుకుంటాను, నా బండిలో ఆక్సిజన్, గాలి సంచి, ఈఎంటీ ఉంటారు. కలిసే చోటు ఫోన్లోనే ఖాయం చేసుకోవాలి, పేరుతో సహా: "ఫలానా లాకుల దగ్గర", "ఫలానా పెట్రోలు బంకు". "మెయిన్ రోడ్డు మీద" అంటే రాత్రిపూట ఇద్దరం ఒకరినొకరు దాటుకుపోతాం. వచ్చిన ఫోను కట్ చేయొద్దు.

పడుకోబెట్టడం ఎడమ పక్కకు. వెల్లకిలా వద్దు, వాంతి వస్తే లోపలికి పోతుంది. తల కొంచెం వెనక్కి వాలి నోరు కిందికి ఉండాలి, ఉమ్మి బయటికి కారాలి. తల కింద ఎత్తైన దిండు పెట్టి గడ్డం గుండెకు ఆనిస్తే ఊపిరి ఆగుతుంది. ఆటో సీటు మీద పొడవు చాలకపోతే సీటుకూ ముందు కమ్మీకీ మధ్య చెక్క బల్ల వేసి పడుకోబెట్టండి, ట్రాలీ ఆటో అయితే ఇంకా మంచిది.

---

ఖమ్మం_ఆశా · రాత్రి 9:20

మా గూడేనికి ఆటో రాదు అన్నా, వాగు దాటాలె. బైకు మీద తేవచ్చా? ట్రైనింగుల ఒకరు తేవొచ్చన్నరు, ఒకరు వద్దన్నరు.

---

పైలట్_108 · రాత్రి 9:31

తేవచ్చక్కా. బండి నడిపేవాళ్లు ముందు, కరిచిన మనిషి మధ్యలో, గట్టి మనిషి వెనక. వెనకాయన రెండు చేతులూ చుట్టి పట్టుకోవాలి, చున్నీతో ముగ్గురినీ కలిపి కట్టొద్దు, పడితే ముగ్గురూ లేవలేరు. కరిచిన కాలు ఫుట్‌రెస్టు మీద ఆనాలి, వేలాడకూడదు. బద్ద మోకాలి కింది దాకే ఉంటే మోకాలు వంగుతుంది. బైకు దాకా నడిపించొద్దు, ఎత్తుకుని రండి.

రెప్పలు వాలినా, ఉమ్మి కారుతున్నా బైకు వద్దు. తల ముందుకు వాలి ఊపిరి మూసుకుంటుంది, వెనకాయనకు కనిపించదు. అప్పుడు మంచం మీద పక్కకు పడుకోబెట్టి వాగు దాకా మోసుకు రావడమే.

---

డ్యూటీ_డాక్టర్ · రాత్రి 9:44

బైకు మాటకు ఒక ఆధారం ఉంది. నేపాల్ తెరాయిలోని దమక్ ప్రాంతంలో ఊరి మోటారు సైకిళ్లతోనే ఇలా మధ్యలో కూర్చోబెట్టి తరలించే ఏర్పాటు చేశారు, దానితోపాటు ఊళ్లలో అవగాహన కల్పించారు. పాముకాటు మరణాలు నూటికి 10.5 నుంచి 0.5కి పడిపోయాయి.

ఎక్కడికి తీసుకెళ్లాలో కూడా పోస్టరు చెప్పాలి. దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రికి కాదు, పాము విషానికి మందైన ఏఎస్‌వీ ఉండి రాత్రి డ్యూటీ ఉన్న దగ్గరి చోటుకు. అవసరమైతే అక్కడ మొదటి డోసు ఎక్కించి పెద్ద చోటుకు పంపుతారు. కాబట్టి పోస్టరులో ఖాళీ గడి పెట్టండి: రాత్రి తెరిచి ఉండే పీహెచ్‌సీ లేదా సీహెచ్‌సీ, ఫోను, స్టాకు చూసిన తేదీ. పెన్సిల్‌తో నెలనెలా మార్చాలి. ఆ గడి ఖాళీగా ఉన్న పోస్టరు గోడకు రంగు వేసినట్టే.

---

దివిసీమ_ఏఎన్ఎం · మర్నాడు ఉదయం 6:20

అందరికీ ధన్యవాదాలు. మార్చి రాశాను, ఇదీ:

పాము కరిచిందా? అనుమానమా?
1. పాము నుంచి దూరం జరగండి. వెతకొద్దు, చంపొద్దు.
2. కూర్చోబెట్టండి, నడిపించొద్దు. మందు ఉందని చెప్పండి.
3. మెట్టెలు, పట్టీలు, ఉంగరం, గాజులు, చేతి దారం తీసేయండి. మంగళసూత్రం ఉండొచ్చు.
4. కాలికో చేతికో బద్ద కట్టండి. కట్టు కింద ఒక వేలు దూరాలి.
5. కరిచిన టైము, వాపు గీత పెన్నుతో చర్మం మీదే రాయండి.
6. 108కి ఫోన్ చేయండి. కలిసే చోటు చెప్పి ఎదురు వెళ్లండి.
7. ఎడమ పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్లండి. బాగానే ఉన్నా 24 గంటలు ఆసుపత్రిలోనే.

పెట్టె: నేలమీద పడుకున్నవారికి తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం: కాటు కనిపించకపోయినా బయల్దేరండి. పలకకపోయినా వెనక్కి తిప్పొద్దు.

కింద చిన్నగా: తాడు, కోత, పీల్చడం, పాము రాయి, ఐసు, కరెంటు షాకు, పసరు, వేపాకు పరీక్ష, కండలోకి ఇంజెక్షన్ వద్దు. నోట్లో ఏమీ పెట్టొద్దు.

గడి: ఏఎస్‌వీ ఉన్న చోటు, ఫోను, చూసిన తేదీ.

ఒక్కటి మాత్రం తేలలేదు. మేం వెళ్లేసరికే తాడు కట్టేసి ఉంటే? విప్పాలా, ఉంచాలా?

---

డ్యూటీ_డాక్టర్ · ఉదయం 7:05

వేలు దూరేంత వదులుగా ఉంటే విప్పేయండి. బిగిసి ఉండి, కింద నాడి అందకపోతే ఊళ్లో విప్పొద్దు. నిలిచిన విషమంతా ఒక్కసారి పైకి వస్తే బీపీ పడిపోవచ్చు, ఊపిరీ ఆగొచ్చు. మందు, డాక్టరు సిద్ధంగా ఉన్నచోటే తీయాలి.

---

స్టాఫ్‌నర్స్_ఏరియా · ఉదయం 7:22

సార్, మీది అరగంట దూరానికి సరిపోతుంది. ఆశా గారి గూడెం నుంచి మూడు గంటలు పడితే? అంతసేపు రక్తం అందని కాలు మా చేతికి వస్తే కాలు తీసేయాల్సిన పరిస్థితి. పైగా పాదం మీద నాడి పట్టడం అలవాటు లేనివాళ్లకు కష్టం, గోరు నొక్కి చూడటమే వాళ్లకు వచ్చేది.

---

డ్యూటీ_డాక్టర్ · ఉదయం 7:30

నిజమే. దూరం ఎక్కువైతే ప్రాణమా కాలా అన్న లెక్క వస్తుంది, దానికి పోస్టరులో ఒకే లైను నేను రాయలేను. "తాడు బిగిసి ఉందా? విప్పకముందు డాక్టరుకు ఫోను" అని గడిలోని నంబరు చూపిస్తే సరిపోతుందేమో.

---

ఖమ్మం_ఆశా · ఉదయం 7:41

మా గూడెంల సిగ్నల్ వాగు దాటినంకనే వస్తది సార్.

---

బొమ్మల_శీను · ఉదయం 7:50

ఆ లైనుకు చోటు ఖాళీగా ఉంచి మిగతాది పేర్చేస్తాను. మేడమ్, మెట్టెల బొమ్మకు ఒక ఫోటో కావాలి, వాచిన కాలిది కాదు, మామూలుదే. మెట్టె తీసి కొంగులో ముడివేస్తున్నట్టు.